పదిహేను నిమిషాలు లేటు: మెసేజ్ పెట్టినా ఫోన్లు ఎందుకు వస్తాయి?

సమస్య: ఆలస్యమవుతుందని మెసేజ్ పెట్టాం. అయినా పిలిచినవాళ్లు "ఎక్కడిదాకా వచ్చారు?" అని మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తున్నారు.

ఆదివారం కూకట్‌పల్లి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో పిన్ని వాళ్లింటికి భోజనానికి వెళ్తున్నాం. రమ్మన్నది ఒంటిగంటకి. 12:40కి ఖైరతాబాద్ దగ్గర ఇరుక్కుపోయి నేను పెట్టిన మెసేజ్ ఇది:

"సారీ పిన్నీ, వెరీ సారీ. ట్రాఫిక్ ఘోరంగా ఉంది, ఇంకో పదిహేను నిమిషాలు పడుతుంది. ఏమనుకోకు, ప్లీజ్."

కారణం: పదిహేను నిమిషాలు ఎప్పటి నుంచి? నా లెక్క ఒంటిగంట మీద పదిహేను, అంటే 1:15. పిన్ని మెసేజ్ చూసిన క్షణం నుంచి లెక్కేసింది. 12:55కల్లా వచ్చేస్తామనుకుని పూరీలకి నూనె పెట్టేసింది. మెసేజ్ ఆలస్యంగా చూస్తే ఈ లెక్క ఇంకా తప్పుతుంది. సారీలు ఎన్ని ఉన్నా స్టవ్ ఎప్పుడు వెలిగించాలో ఆమెకి తెలియలేదు.

పరిష్కారం: ఎంతసేపు అని కాదు, ఎన్నింటికి అని చెప్పాలి. దానికి ముందు ఎక్కడున్నామో ఒక మాట, తర్వాత వాళ్లు ఏం చేస్తే బాగుంటుందో ఒక మాట:

"పిన్నీ, ఖైరతాబాద్‌లో ఉన్నాం, ట్రాఫిక్. 1:15కి ఇంట్లో ఉంటాం. పూరీలు మేమొచ్చాకే వెయ్యి."

చివరి వాక్యమే ఇందులో అసలు మర్యాద అని నా నమ్మకం. మనకోసం ఎవరూ ఆకలితో కూర్చోకూడదు కదా. పిల్లలో పెద్దవాళ్లో ఆకలి మీద ఉంటారనిపిస్తే "మీరు కానివ్వండి" అని రాయండి.

ఆ 1:15 తలుపు దగ్గరి టైమై ఉండాలి. ఫోన్‌లో మ్యాప్ చూపించేది వీధి దాకా మాత్రమే. పార్కింగ్‌కి చోటు వెతకడం, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పేరు రాయించడం, లిఫ్టు కోసం ఆగడం అందులో ఉండవు. మ్యాప్ 1:08 అంటే 1:15 అని చెప్పండి.

సమస్య: "అయ్యో పర్లేదు, కంగారుపడకండి, మెల్లగా రండి" అని వాళ్లే మనల్ని ఓదారుస్తున్నారు.

కారణం: సారీ ఎక్కువైంది. వంటింట్లో పని వదిలి మనకి ధైర్యం చెప్పాల్సి వచ్చింది.

పరిష్కారం: పిన్నికైతే సారీ లేకపోయినా పర్లేదు. కొత్త పరిచయమైతే, ఆఫీసులో పెద్దవారైతే ఒక్కసారి: "సారీ సర్, 1:15కి వస్తాను. మీరు మొదలుపెట్టండి." ట్రాఫిక్ కథ వద్దు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి "ట్రాఫిక్" అన్న ఒక్క మాటతోనే అర్థమైపోతుంది.

సమస్య: మెసేజ్ బాగానే ఉంది, కానీ వాళ్లు చూడలేదు.

కారణం: వంట చేసేవాళ్ల చేతిలో ఫోన్ ఉండదు.

పరిష్కారం: ఆలస్యం ఖాయమని తెలియగానే పెట్టండి, ఒంటిగంట అయ్యాక కాదు. ఐదు నిమిషాల్లో చూసినట్టు కనిపించకపోతే ఇంట్లో ఇంకొకరికి అదే పంపండి. బండి నడిపేది మీరైతే పక్కనున్నవాళ్లతో టైప్ చేయించండి, ఒక్కరే ఉంటే పక్కకి ఆపి పెట్టండి. అరగంట దాటేలా ఉంటే మాత్రం ఫోన్ చేయాల్సిందే.