లాడ్జి వాట్సాప్, నాలుగో పాఠం: అర్ధరాత్రి వచ్చే "రేపు"

ఈ పాఠంలో రేట్ కార్డు, ఫోటోల క్యాటలాగ్ చెబుతానని మూడో పాఠం చివర రాశాను. అది వచ్చే పాఠానికి పోయింది. రాత్రి ఆటో రిప్లై పెట్టుకున్నవాళ్లు రెండు రకాల ఫిర్యాదులు రాశారు. "మెసేజ్ అసలు వెళ్లడం లేదు" అని కొందరు, "మెసేజ్ వెళ్లింది గానీ మనిషి తప్పు రోజున దిగాడు" అని ఇంకొందరు. మొదటిది సెట్టింగ్ సమస్య కాబట్టి పావుగంటలో తేలుతుంది. ఈరోజు పాఠమంతా రెండోదాని మీదే.

ముందు సెట్టింగ్ చూద్దాం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో `Away message` తెరిచి, `Schedule` దగ్గర `Outside of business hours` ఎంచుకోమన్నాను. చాలామంది అక్కడి వరకు సరిగ్గానే చేశారు. కానీ ప్రొఫైల్‌లో `Business hours` దగ్గర `Always open` అని పెట్టారు. లాడ్జి 24 గంటలూ తెరిచే ఉంటుంది కదా అని వాళ్ల ఆలోచన. అలా పెడితే యాప్ లెక్కలో మీకు పని లేని వేళ అంటూ ఉండదు, కాబట్టి ఆటో రిప్లై ఎప్పటికీ కదలదు. ఇక్కడ అడుగుతున్నది లాడ్జి తెరిచి ఉండే టైం కాదు, మెసేజ్‌లకు మనిషి జవాబిచ్చే టైం. ఉదయం 6 నుంచి రాత్రి 11 అని పెట్టండి. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది: రాత్రి మీ ప్రొఫైల్ తెరిచినవాళ్లకు మూసి ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే ప్రొఫైల్ వివరణలో మొదటి వాక్యంగా "రిసెప్షన్ 24 గంటలూ ఉంటుంది, రాత్రి ఫోన్ చేయండి" అని రాయండి.

`Custom schedule` పెట్టినవాళ్లకు ఒక్క రాత్రి పనిచేసి ఆగిపోయింది. అందులో మొదలు, ముగింపు తేదీలతో సహా ఉంటాయి. ఆ ముగింపు తేదీ దాటితే కథ అక్కడితో సరి. లాడ్జి రెండు రోజులు రిపేరుకు మూసినప్పుడు దాన్ని వాడుకోండి, రోజువారీ రాత్రులకు వద్దు. ఇక ఓనర్ ఫోన్ ఇంటికి తీసుకెళ్లి డేటా ఆపేసి పడుకునే చోట ఏ సెట్టింగూ పనిచేయదు. ఫోన్‌కు నెట్ ఉంటేనే ఈ మెసేజ్ వెళ్తుంది. లాడ్జి నంబరున్న ఫోన్ కౌంటర్‌లోనే, ఛార్జింగ్‌లో, రింగ్ వినిపించేలా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర రాత్రిపూట అడిగేవాళ్లెవరో గుర్తు చేసుకోండి. కాజీపేటలోనో వరంగల్‌లోనో అర్ధరాత్రి దాటాక రైలు దిగేవాళ్లు. ఎంజీఎంలో పేషెంట్‌ను చేర్పించి, బయట ఒక్క రూమ్ దొరికితే చాలనుకునే ఇంటివాళ్లు. పొద్దున ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకోవడానికి ముందు రాత్రే వచ్చే రైతులు. పెళ్లి వాళ్లు. వీళ్లలో ఎక్కువమంది తేదీ రాయరు. "ఈరోజు", "రేపు", "ఎల్లుండి" అని రాస్తారు. పగలైతే ఆ మాటలతో ఇబ్బంది లేదు. రాత్రి 12 దాటాక మాత్రం రాసేవాడికి ఒక రోజు, చదివేవాడికి ఇంకో రోజు అవుతుంది.

ఒక్క ఉదాహరణను చివరిదాకా చూద్దాం. 2026 ఫిబ్రవరి 15 ఆదివారం, మహాశివరాత్రి. ఒక కుటుంబం వేయిస్తంభాల గుడికి వస్తోంది. వాళ్ల మెసేజ్ ఇది: "రేపు రాత్రికి రూమ్ ఉందా? నలుగురం. ట్రైన్ 2:40కి." శుక్రవారం అర్ధరాత్రి దాటాక వచ్చింది, మెసేజ్ పక్కన టైం 12:20.

రాసినాయన ఇంకా పడుకోలేదు. క్యాలెండర్‌లో శనివారం, 14వ తేదీ వచ్చేసినా ఆయన మనసులో ఇంకా శుక్రవారమే నడుస్తోంది. కాబట్టి ఆయన "రేపు రాత్రి" అంటే శనివారం రాత్రి. 2:40 అంటే ఆ రాత్రి గడుస్తుండగా, అంటే ఆదివారం తెల్లవారుజామున. మీ కుర్రాడు శనివారం ఉదయం 6కి ఫోన్ తీసి అదే మెసేజ్ చదివాడు. అతనికి ఈరోజు శనివారం, రేపు ఆదివారం. ఆదివారం రాత్రికి రూమ్ రాసి, "ఓకే సార్, రూమ్ ఉంది" అని పంపాడు. ఆయన చదివి నిశ్చింతగా రైలెక్కాడు. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి పిల్లలతో, సామాన్లతో మీ మెట్లెక్కాడు. మీ రిజిస్టర్‌లో ఆయన పేరు రాబోయే రాత్రికి ఉంది. శివరాత్రి రద్దీలో ఉన్న రూములన్నీ నిండిపోయాయి. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు, ఇద్దరి ఫోన్లలోనూ సాక్ష్యం ఉంది, గొడవ మాత్రం కౌంటర్ దగ్గర.

తేదీ రాస్తే పోతుందిగా అని ఒకరు రాశారు. పోదు. అదే కుటుంబం "15న రూమ్ కావాలి" అని రాసిందనుకోండి. వాళ్ల టికెట్ మీద కాజీపేట చేరే తేదీ 15 అని ఉంటుంది, కాబట్టి వాళ్లు నిజమే రాశారు. కానీ 15 తెల్లవారుజామున మూడింటికి పడుకోవాలంటే ఖాళీగా ఉండాల్సింది 14 రాత్రి రూమ్. ఒట్టి తేదీ చూసి 15 రాత్రికి రాసుకున్నారంటే మళ్లీ అదే మెట్లు, అదే గొడవ. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 లోపు దిగేవాళ్లెవరైనా సరే, వాళ్లు చెప్పిన తేదీకి ముందు రాత్రి రూమ్ చూడాలి.

అందుకే నేను ఎప్పుడూ రెండు రోజులూ కలిపే రాస్తాను: "14 శనివారం రాత్రి, తెల్లవారితే 15 ఆదివారం." ఊళ్లో పెద్దవాళ్లు మాట్లాడే తీరే ఇది. వారం పేరు తప్పనిసరి. 14, 15 అంకెల్లో ఒకటి తారుమారైతే కంటికి తగలదు. శనివారం, ఆదివారం తారుమారైతే ఎవరికైనా తగులుతుంది.

ఇప్పుడు పోయిన పాఠంలోని ఆటో రిప్లై తీసేసి దీన్ని పెట్టండి:

> నమస్కారం. మీ మెసేజ్ అందింది. ఇది దానంతటదే వెళ్లే జవాబు, రూమ్ ఇంకా బుక్ కాలేదు. మీరు లాడ్జికి చేరే తేదీ, వారం, గంట రాయండి. ఎంతమందో, ఏసీనా నాన్ ఏసీనా రాయండి. ఉదయం 6 తర్వాత జవాబిస్తాం. 6 గంటల లోపే రూమ్ కావాలంటే ఇదే నంబరుకు ఫోన్ చేయండి, కౌంటర్‌లో మనిషి ఉంటారు.

ఇందులో "ఈరోజు", "రేపు", "ఈ రాత్రి" ఎక్కడా లేవు, చూడండి. ఆటో రిప్లైలో ఆనాటి తేదీ దానంతటదే పడే సౌకర్యం ఈ యాప్‌లో లేదు. రోజూ అదే వాక్యం వెళ్తుంది కాబట్టి ఏ రాత్రి చదివినా ఒకే అర్థం రావాలి. "రూమ్ ఇంకా బుక్ కాలేదు" అన్న మాట మొరటుగా ఉందని తీసేయకండి. ఎంజీఎం మెట్ల మీద కూర్చున్న మనిషికి "మీ మెసేజ్ అందింది" అని మాత్రమే వెళ్తే, రూమ్ దొరికినట్టే అనుకుంటాడు. "డియర్ కస్టమర్", దండాలు పెట్టే బొమ్మలు నాకు ఇష్టం ఉండవు. అవి లేకపోతే ఫోన్ చేయమన్న వాక్యం త్వరగా కంటపడుతుంది. అద్దె కూడా ఇక్కడ రాయను. శివరాత్రికి, మేడారం జాతరకు రేటు మారితే, పాత రేటు చూపించి వాదిస్తారు.

ఉదయం మనిషి కూర్చున్నాక వాడాల్సింది `Quick replies`. షార్ట్‌కట్ పెట్టడం పోయిన పాఠంలోనే అయింది. ఇప్పుడు `/date` అని కొత్తది చేయండి:

> సార్, ఇలా రాసుకున్నాను: __ రాత్రి, తెల్లవారితే __. మీరు చేరేది __ గంటలకు. __ మంది. ఇది సరైతే "సరే" అని పంపండి. ఆ తర్వాతే రూమ్ ఆపుతాం.

షార్ట్‌కట్ కొడితే ఈ వాక్యం టైప్ చేసే డబ్బాలోకి వస్తుంది, వెంటనే వెళ్లిపోదు. ఖాళీలు నింపాకే పంపాలి. మన ఉదాహరణలో "14 శనివారం రాత్రి, తెల్లవారితే 15 ఆదివారం. మీరు చేరేది తెల్లవారుజామున 3 గంటలకు" అని వెళ్తుంది. మీరు తప్పు రోజు అనుకుని ఉంటే ఆయనే దిద్దుతాడు, అదీ ఇంట్లో ఉండగానే. ఖాళీలు నింపకుండా పంపేస్తున్నారంటే కుర్రాడికి ఈ మెసేజ్ ఎందుకో తెలియలేదని అర్థం, కూర్చోబెట్టి శివరాత్రి ఉదాహరణ చెప్పండి.

"సరే" వచ్చాకే `/undi`:

> రూమ్ ఉంది. అద్దె __, అన్నీ కలిపి. లెక్క __ నుంచి __ వరకు. __ గంటల దాకా ఆపుతాం, రైలు లేటైతే ఫోన్ చేయండి. పెద్దవాళ్లందరూ ఒరిజినల్ ఐడీ తెచ్చుకోండి, ఫోటో ఇక్కడ పంపనక్కర్లేదు.

"లెక్క" ఖాళీని వదలొద్దు. మీది 24 గంటల చెక్ అవుట్ అయితే ఆదివారం తెల్లవారుజామున 3 నుంచి సోమవారం తెల్లవారుజామున 3 వరకు. సోమవారం పొద్దున 9కి స్నానాలు చేసి బయల్దేరదామనుకునే కుటుంబానికి ఇది ముందే తెలియాలి. మధ్యాహ్నం 12 చెక్ అవుట్ అయితే ఆదివారం 12కే మొదటి రోజు ముగుస్తుంది, సోమవారం పొద్దున దాకా ఉంటే రెండు రోజుల అద్దె. రెండో పద్ధతిలో అద్దె గొడవ ఎక్కువ, అందుకే తెల్లవారుజామున దిగేవాళ్లకు మొత్తం ఎంతవుతుందో రూపాయల్లో రాసి పంపడం మంచిది.

`/ledu` ఎలా రాయాలో మీకు తెలుసు.

అభ్యాసం. ముందుగా సెట్టింగ్ పరీక్షించండి: పగలే ఆ రోజుకు మూసే టైం పది నిమిషాల క్రితం అయినట్టు మార్చి, కాంటాక్ట్స్‌లో లేని నంబరు నుంచి మెసేజ్ పెట్టండి. జవాబు వచ్చాక టైం వెనక్కి మార్చడం మరవకండి.

తర్వాత ఈ మూడు మెసేజ్‌లకు `/date` ఖాళీలు నింపండి. మూడూ ఉదయం 6కి చదువుతున్నారనుకోండి.

శుక్రవారం 13, రాత్రి 11:50: "పేషెంట్‌తో ఉన్నాం అన్నా, రేపు తెల్లారి 4కి వస్తాం, ఇద్దరం."

శనివారం 14, అర్ధరాత్రి 12:10: "ఈరోజు రాత్రికి సింగిల్ రూమ్."

శనివారం 14, రాత్రి 1:30: "ఎల్లుండి పెళ్లి. ముందు రోజు రాత్రికి 3 రూములు కావాలి."

మొదటిది చదివేసరికే గడువు దాటిపోయింది, అతనికి `/date` కాదు, వెంటనే ఫోన్ చేయాలి. రెండోదానికి రెండు అర్థాలున్నాయి, రెండూ రాసి అడగండి. మూడోదాని జవాబు నేను చెప్పను. అది అయ్యాక మీ ఫోన్‌లో పోయిన నెలలో రాత్రి 11 నుంచి ఉదయం 6 మధ్య వచ్చిన మెసేజ్‌లన్నీ తీసి, "ఈరోజు", "రేపు", "ఎల్లుండి" ఉన్న ప్రతిదాన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. పక్కన రెండు గడులు గీయండి: పంపినవాళ్లు అనుకున్న రాత్రి ఒకదాంట్లో, మీరు రిజిస్టర్‌లో రాసిన రాత్రి ఇంకోదాంట్లో. రెండూ వేరైనవి నాకు రాసి పంపండి, పేర్లు, నంబర్లు కొట్టేసి. క్యాటలాగ్ పాఠం వాటి తర్వాతే.