స్కాన్ పేజీల టేబుల్‌ని ఒకటిగా కలిపే ముందు

– ప్రతి పేజీలో మొదటి వరుసని గుడ్డిగా తీసేయకండి. ఏదో ఒక పేజీలో కాలమ్ పేర్లుండే హెడర్ లేకపోతే పోయేది అసలు డేటానే, పైగా పోయినట్టు కూడా తెలీదు. హెడర్ మాటలతో పోల్చి తీయండి, స్కాన్ బొమ్మలోంచి అక్షరాలు చదివే ఓసీఆర్ ఒకటి రెండు తప్పు చదివి ఉండొచ్చు కాబట్టి కాస్త తేడాని ఒప్పుకోండి.

– పేజీవారీగా కాలమ్‌లు లెక్కపెట్టండి. ఒక పేజీలో ఒక కాలమ్ మొత్తం ఖాళీ అయితే 6 కాస్తా 5 అయి, అంకెలు పక్క కాలమ్‌లోకి జరుగుతాయి.

– పేజీ పైన సీరియల్ నంబర్ లేని వరుస ఉంటే, అది చాలాసార్లు అంతకుముందు పేజీ చివరి వరుసకి తోకే.

– పేజీ చివరి మొత్తాల్ని కూడిక సరిచూసుకున్నాకే తీసేయండి, ఉంచితే రెండుసార్లు లెక్కలోకొస్తాయి.

– చివరి సీరియల్ నంబర్ 118, మీకొచ్చినవి 117 వరుసలైతే మొదట పేజీలు మారే చోట్లే వెతకండి.