వార్ సినిమా చూసేటప్పుడు ఎవరి కింద ఎవరున్నారో ఎలా కనిపెట్టాలి?

మొన్న ఆదివారం ఇంట్లో అందరం కలిసి బోర్డర్ సినిమా మళ్ళీ పెట్టుకుని చూశాం, మా అక్క కొడుకు సగంలో పాజ్ కొట్టి "మామయ్యా, కంపెనీ అంటే ఎంతమంది, ఆ మేజర్ కింద ఉన్న సుబేదార్‌కి తెల్లజుట్టు వచ్చేసింది కదా, మరి పాతికేళ్ళు కూడా లేని లెఫ్టినెంట్ ఆయన కంటే పెద్దోడా" అని అడిగాడు. మంచి ప్రశ్నలు. ర్యాంకుల లిస్టు ఇచ్చి బట్టీ పట్టమంటే రెండో రోజుకే మర్చిపోతాడు, అందుకే వాడికి చెప్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నా. ఇందులో కీలకం ఒక్కటే ప్రశ్న: ఈ మనిషి చేతికింద ఎంతమంది ఉన్నారు?

మొదటి స్టెప్: ముందు తలకాయల లెక్క పెట్టుకోండి, ర్యాంకులు తర్వాత. అన్నిటికంటే చిన్న గుంపు సెక్షన్, దాదాపు పది మంది, అమెరికా సినిమాల్లో దీన్నే స్క్వాడ్ అంటారు. మూడు సెక్షన్లు కలిస్తే ప్లటూన్, ముప్పై మంది పైచిలుకు, అంటే మన స్కూల్లో ఒక క్లాసు. మూడు ప్లటూన్లు కలిసి కంపెనీ, వంద నుంచి నూటఇరవై మంది, రెండు పల్లెవెలుగు బస్సులు నిండిపోతాయి. నాలుగు కంపెనీలు, ఇంకా మోర్టార్లు, వంటవాళ్ళు, సిగ్నల్ వాళ్ళు అందరూ కలిస్తే బెటాలియన్, దాదాపు ఎనిమిది వందలు. మూడు బెటాలియన్లది బ్రిగేడ్, మూడు వేల చుట్టుపక్కల, అంటే ఒక మోస్తరు ఊరు ఊరంతా అనుకోండి. ఆ పైన డివిజన్, పది వేలు దాటుతుంది. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఈ నంబర్లు అటూ ఇటూ అవుతాయి, కానీ సినిమా అర్థం కావడానికి ఇవి చాలు. "మా దగ్గర ఒక్క ప్లటూన్ ఉంది, అటు నుంచి బ్రిగేడ్ వస్తోంది" అని డైలాగ్ వినపడగానే ముప్పై మంది, మూడు వేలు అని మీ బుర్రలో వెలిగితే సీన్‌లో టెన్షన్ ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

రెండో స్టెప్: సినిమా ఏ దేశం సైన్యానిదో చూసుకోండి. ఇది వదిలేస్తే మిగతా లెక్కంతా తప్పుతుంది, ఎందుకంటే పేరు ఒకటే అయినా చేసే పని వేరు. మన ఆర్మీలో కంపెనీని నడిపేది మామూలుగా మేజర్, అమెరికాలో అదే పని కెప్టెన్ చేస్తాడు. మన బ్రిగేడ్‌కి బ్రిగేడియర్, వాళ్ళ బ్రిగేడ్‌కి కల్నల్. బెటాలియన్‌కి వాళ్ళ దగ్గర లెఫ్టినెంట్ కల్నల్, మన దగ్గర 1971లో లెఫ్టినెంట్ కల్నలే ఉండేవారు, ఇప్పుడు కల్నల్. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు గారు గుర్తున్నారు కదా, 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరులైనప్పుడు ఆయన 16 బిహార్ కమాండింగ్ ఆఫీసర్, అంటే ఆ బెటాలియన్ మొత్తానికీ పెద్ద. అంత పెద్ద బాధ్యతలో ఉన్న మనిషి తనే ముందు వరసలో ఉన్నారన్నది ఈ లెక్క తెలిస్తేనే పూర్తిగా తెలుస్తుంది.

మూడో స్టెప్, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం: సార్జంట్ ఎవరో పట్టుకోండి. సబ్‌టైటిల్స్‌లో, డబ్బింగ్‌లో ఎక్కువ గందరగోళం వచ్చేది ఇక్కడే. సార్జంట్ ఆఫీసర్ కాదు, సిపాయిగా చేరి కింద నుంచి పైకొచ్చిన మనిషి, మన ఆర్మీలో ఆయనకి దగ్గరగా ఉండేది హవల్దార్. అమెరికా సినిమాలో ప్లటూన్‌కి కమాండర్ కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్, పక్కనే అనుభవం ఉన్న ప్లటూన్ సార్జంట్ ఉంటాడు. ఆర్డర్ ఇచ్చేది కుర్రాడే, కానీ ఆర్డర్ ఇచ్చే ముందు ఓసారి సార్జంట్ మొహం చూస్తాడు, ఆ చూపు గమనించండి, సగం కథ అక్కడే నడుస్తుంది. ఇంకో గుర్తు పిలుపు. అమెరికన్ ఆర్మీలో సార్జంట్‌ని సర్ అనరు, సార్జంట్ అనే పిలుస్తారు, సర్ అంటే అవతల ఉన్నది ఆఫీసర్ అని లెక్క.

మన ఆర్మీలో ఇంకో వరస ఉంది, అది అమెరికా వాళ్ళకి లేదు. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, ఇది కింది వరస. లెఫ్టినెంట్ నుంచి జనరల్ దాకా ఆఫీసర్లు, ఇది పై వరస. ఈ రెండిటికీ మధ్యలో నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ ఉంటారు, వీళ్ళని జేసీవోలు అంటారు, ఎక్కువమంది సిపాయిగా చేరి చాలా ఏళ్ళు సర్వీసు చేశాక అక్కడికి వస్తారు. మన ప్లటూన్లని చాలావరకు నడిపేది వీళ్ళే. మా మేనల్లుడి ప్రశ్నకి జవాబు ఇదే, అవును, ర్యాంకు ప్రకారం ఆ కుర్ర లెఫ్టినెంటే పెద్ద, కానీ ఆ కుర్రాడు సుబేదార్‌ని పేరు పెట్టి పిలవడు, "సాబ్" అంటాడు. ఇటు నుంచి అటూ సాబ్, అటు నుంచి ఇటూ సాబ్, ఆ గౌరవం రెండువైపులా ఉంటుంది. సుబేదార్ మేజర్ అన్న పేరులో మేజర్ ఉంది కదా అని మేజర్‌తో కలిపేయకండి, అవి వేరు వేరు వరసలు.

నాలుగో స్టెప్: భుజం, చెయ్యి చూడండి. మన పోలీసులని రోజూ చూస్తాం కాబట్టి ఇది తేలిక. హెడ్ కానిస్టేబుల్‌కి చేతి మీద మూడు గీతలు ఉంటాయి కదా, హవల్దార్‌కీ అంతే, మూడు. నాయక్‌కి రెండు, లాన్స్ నాయక్‌కి ఒకటి. అలాగే ఎస్సై భుజం మీద రెండు నక్షత్రాలతో పాటు ఎరుపు నీలం పట్టీ ఉంటుంది, సుబేదార్‌కి కూడా రెండు నక్షత్రాలు, కింద ఎరుపు పసుపు పట్టీ. లెఫ్టినెంట్‌కీ రెండు నక్షత్రాలే, కానీ పట్టీ ఉండదు. పట్టీ ఉందా లేదా అన్నదే తేడా, నక్షత్రాలు లెక్కపెట్టి ఆగిపోతే తప్పులో కాలేసినట్టే. కెప్టెన్‌కి మూడు నక్షత్రాలు, మేజర్‌కి ఒక్క నాలుగు సింహాల గుర్తు, ఆ సింహాలకి ఒక నక్షత్రం తోడైతే లెఫ్టినెంట్ కల్నల్, రెండైతే కల్నల్, మూడైతే బ్రిగేడియర్. అమెరికా వాళ్ళకి సార్జంట్ గీతల మొన పైకి ఉంటుంది, లెఫ్టినెంట్‌కి ఒక చిన్న పట్టీ, కెప్టెన్‌కి రెండు. అక్కడొక తిరకాసు ఉంది, బంగారు రంగు పట్టీ సెకండ్ లెఫ్టినెంట్‌ది, వెండిది ఫస్ట్ లెఫ్టినెంట్‌ది, అంటే వెండే పెద్ద.

యుద్ధం సీన్‌లో బురద, హెల్మెట్, చీకటి, గుర్తులేవీ కనపడవు, నిజంగా యుద్ధంలో కూడా స్నైపర్లకి దొరక్కూడదని ఆఫీసర్లు గుర్తులు తీసేయడం, కప్పేయడం చేస్తారు. అప్పుడు వీపు మీద రేడియో మోస్తున్న జవాన్ ఎవరి వెనకాల పరిగెడుతున్నాడో చూడండి, కమాండర్ అక్కడే ఉంటాడు.

ఐదో స్టెప్: యూనిట్ పేరు చదవడం. 23 పంజాబ్ అంటే పంజాబ్ రెజిమెంట్‌లో 23వ బెటాలియన్, అంతే. మన పదాతి దళంలో రెజిమెంట్ అనేది ఇంటిపేరు లాంటిది, ఒకే ఇంటిపేరున్న బెటాలియన్లు దేశంలో తలో మూల, తలో బ్రిగేడ్‌లో ఉంటాయి, రెజిమెంట్ మొత్తం ఒక్కచోట చేరి యుద్ధానికి వెళ్ళదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ సినిమాల్లో మాత్రం పదాతి రెజిమెంట్ అంటే మూడు బెటాలియన్లతో కలిసి పోరాడే గుంపు. ట్యాంకుల రెజిమెంట్ అంటే మళ్ళీ మన దగ్గర బెటాలియన్ సైజే, నలభై ఐదు ట్యాంకుల దాకా ఉంటాయి. కంపెనీలకి అక్షరాల పేర్లు, ఆల్ఫా, బ్రేవో, చార్లీ అని. పాత అమెరికన్ సినిమాల్లో ఈజీ కంపెనీ అని వినపడితే అదేదో సుఖంగా ఉన్న కంపెనీ అనుకోకండి, అప్పటి రేడియో కోడ్‌లో ఐదో అక్షరానికి పెట్టిన పేరు ఈజీ.

ఇంకో డౌట్ అందరికీ వస్తుంది, మేజర్ కంటే లెఫ్టినెంట్ చిన్న కదా, మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్ద అని. లెఫ్టినెంట్ అంటే ఒకరి బదులు నిలబడేవాడు అని అర్థం, కాబట్టి లెఫ్టినెంట్ జనరల్ అంటే జనరల్ తర్వాతి మనిషి. మేజర్ జనరల్ ఒకప్పుడు సార్జంట్ మేజర్ జనరల్, ముందు మాట రాలిపోయింది, అందుకే కింద ఉన్నాడు.

ఇప్పుడు ఇవన్నీ బోర్డర్ సినిమాలో చూపించిన లోంగేవాలా యుద్ధం మీద పెట్టి చూద్దాం. 1971 డిసెంబర్ 4 రాత్రి, రాజస్థాన్ ఎడారిలో ఉన్న ఆ పోస్టు దగ్గర 23 పంజాబ్ వాళ్ళ ఆల్ఫా కంపెనీ ఉంది, కమాండర్ మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి. మేజర్, కంపెనీ, నూటఇరవై మంది, మన లెక్క సరిగ్గా కుదిరింది. లెఫ్టినెంట్ ధరమ్‌వీర్ కొద్దిమందితో సరిహద్దు దాకా గస్తీకి వెళ్ళి ట్యాంకుల చప్పుడు విని వైర్‌లెస్‌లో చెప్పాడు. అటు నుంచి వస్తున్నది పాకిస్తాన్ 51 బ్రిగేడ్, తోడు ట్యాంకులు, రెండు వేలకి పైగా మనుషులు, నలభైకి పైగా ట్యాంకులు అని చెప్తారు. ఒక బ్రిగేడ్‌ని ఆపాలంటే మామూలుగా అవతల కూడా ఎన్నో కొన్ని బెటాలియన్లు ఉండాలి, ఇక్కడున్నది ఒక బెటాలియన్‌లో ముక్క. మేజర్ పైకి ఫోన్ చేసే సీన్‌లో ఎవరితో మాట్లాడుతున్నాడో కూడా ఇప్పుడు ఊహించొచ్చు, కంపెనీ పైన బెటాలియన్, బెటాలియన్ పైన బ్రిగేడ్, సాయం ఆ మెట్ల మీదుగానే దిగి రావాలి. పోస్టు వదిలి వెనక్కి రావాలా, అక్కడే ఉండి పోరాడాలా అన్న నిర్ణయం చాంద్‌పురికే వదిలారు, ఆయన ఉండిపోయారు.

అదే సినిమాలో జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు పంపే వింగ్ కమాండర్ పాత్ర ఉంటుంది, నిజంలో ఆయన ఎం.ఎస్. బావా. ఎయిర్‌ఫోర్స్‌లో వింగ్ కమాండర్ అంటే ఆర్మీ లెఫ్టినెంట్ కల్నల్‌కి సమానం, అంటే చాంద్‌పురి కంటే ఒక మెట్టు పైన, నేవీలో అయితే ఇంకా తేడా, అక్కడ కెప్టెన్ అంటే ఆర్మీ కల్నల్‌తో సమానం. కానీ ర్యాంకు పైన ఉన్నంత మాత్రాన బావా ఆ కంపెనీకి ఆర్డర్ ఇవ్వలేడు, ఆ కంపెనీ ఆయన కింద లేదు, అలాగే మేజర్ కూడా విమానాలని రమ్మని ఆర్డర్ వేయలేడు, సాయం అడగగలడు అంతే. పైగా ఆ హంటర్లు రాత్రిపూట దాడి చేయగలిగేవి కావు. అందుకే ఆ సీన్లలో ఇద్దరూ అన్నిసార్లు ఆకాశం వైపు చూస్తుంటారు, తెల్లారే దాకా ఆ నూటఇరవై మందీ ఆ ట్యాంకులని తమంతట తామే ఆపాలి.