నిఘంటువులో దొరకని పద్యపు మాట: సమస్య - పరిష్కారం

సమస్య 1: పద్యంలో ఉన్న మాట ఏ నిఘంటువులోనూ లేదు.

పోతన గజేంద్రమోక్షంలో ‘సిరికిం జెప్పఁడు’ పద్యం అందరికీ నోటికి వచ్చిందే. అందులో ‘పరివారంబునుఁ జీరఁడు’ అని ఉంది. ‘జీరు’ అని వెతికితే మనకు కావలసింది దొరకదు. ‘జీర’ అని వెతికితే గొంతు జీర, రంగు చార వంటివి వస్తాయి. విష్ణువుకూ వాటికీ సంబంధం లేదు.

కారణం: సంధి. ‘పరివారంబును’ చివర ద్రుతం, అంటే నకారం, ఉంది. దాని తర్వాత వచ్చే క చ ట త ప లు గ జ డ ద బ లుగా మారతాయి. నిఘంటువులో మాత్రం మారకముందు రూపమే ఉంటుంది.

పరిష్కారం: మాటకు ముందు అరసున్న గాని నిండుసున్న గాని ఉందేమో చూడండి. ఉంటే మొదటి అక్షరాన్ని వెనక్కి తిప్పండి. ఈ పద్యం మొదటి మాటే మీకు సాక్ష్యం: ‘సిరికిం జెప్పఁడు’ అంటే సిరికిన్ + చెప్పఁడు. అదే లెక్కన జీరఁడు, చీరఁడు అవుతుంది. ‘అఁడు’ వ్యతిరేక ప్రత్యయం కాబట్టి దాన్ని తీసేసి, క్రియలకు నిఘంటువు వాడే ఉకారాంత రూపంలో ‘చీరు’ అని వెతకాలి. ‘చీర’ అని వెతికితే బట్టల కొట్లోకి వెళ్తారు.

అంతర్జాలంలో చాలా ప్రతులు అరసున్నలు ఎగరగొట్టేస్తాయి, అదొక తలనొప్పి. అప్పుడు ముందు మాట ను, ని, కు, కి లతో ముగిసిందా అని చూసుకోవాలి. ‘వారు సనిరి’, ‘అపుడు వోయె’ వంటి చోట్ల ద్రుతం ఉండదు. అక్కడ చ స గా, ప వ గా మారింది. చను, పోవు అని వెతకండి.

సమస్య 2: మాట దొరికింది, కానీ అర్థం అతకడం లేదు.

‘చీరు’కు పిలుచు అనే అర్థమూ ఉంది, గీరు, చీల్చు అనే అర్థమూ ఉంది.

కారణం: మొదట కనబడిన అర్థాన్నే తీసుకోవడం. మన నిఘంటువుల్లో అర్థాల వరుస కాలక్రమాన్ని చెప్పదు. ముందున్నదే పాతదనుకోకూడదు.

పరిష్కారం: కర్మ ఏదో చూడండి. ఇక్కడ చీరవలసింది పరివారాన్ని. కనుక ‘పరివారాన్ని పిలవడు’. పద్యమంతా హరి తొందరలో చేయకుండా వదిలేసిన పనుల జాబితాయే కదా, అర్థం అతికింది. తర్వాతి ‘అభ్రగపతిం బన్నింపఁడు’ కూడా ఇలాగే విడుతుంది. పన్నించు, దాని మూలం పన్ను. ఇది దంతమూ కాదు, సుంకమూ కాదు. సిద్ధపరచు అనే క్రియ. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడన్నమాట.

అర్థాల మధ్య ఇంకా తేలకపోతే బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885), ఆ పైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తెరవండి. వాటిలో అర్థం పక్కన ఇచ్చిన కావ్య ప్రయోగాన్ని చదవండి. మీ పద్యంలాంటి కర్మతో ఉన్న ప్రయోగం ఏ అర్థం కింద ఉంటే అదే తీసుకోండి. ప్రయోగం లేకుండా ఒట్టి పర్యాయపదం మాత్రమే ఉంటే, నేనైతే ఆ అర్థాన్ని పెన్సిల్‌తోనే రాసుకుంటాను.