విదేశీ కంపెనీ ఆఫర్‌కు జీతం అంకె చెప్పే ముందు

సెక్యూరిటీ ఇంజనీర్‌గా మొదటి ఆఫర్ రాగానే వెంటనే ఒప్పుకోకండి. ముందు ఇవి చూసుకోండి.

• మిమ్మల్ని ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్‌గానా? అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. కాంట్రాక్టర్‌కు ఏడాదికి 60,000 డాలర్లు ఇస్తామన్నారనుకోండి. 260 పనిదినాలకు లెక్కిస్తే రోజుకు సుమారు 231. జీతం లేని సెలవులు 25 రోజులైతే దాదాపు 5,770 పోతుంది. ఆరోగ్య బీమాకు 3,000, ల్యాప్‌టాప్‌కు 2,000 మీరే పెట్టుకుంటే మిగిలేది 49,000 పైచిలుకే. పన్ను కూడా మీరే కట్టుకోవాలి. పైగా అడిగే మొత్తం పెరిగితే సెలవులకు పోయేదీ పెరుగుతుంది. అందుకే "ఉద్యోగిగా అయితే 60,000 సరే, కాంట్రాక్టర్‌గా అయితే 72,000 కావాలి" అని లెక్కతో సహా రాయండి. కారణం కనిపించే అంకెను తోసిపుచ్చడం వాళ్లకు కష్టం.

• ఆన్‌కాల్ ఎన్ని వారాలకోసారి? నలుగురున్న టీమ్‌లో ఏడాదికి 13 వారాలు మీ వంతు. వాళ్ల పగలు మీకు అర్ధరాత్రి కావచ్చు. దానికి విడిగా డబ్బు ఇస్తారేమో అడగండి.

• సొంత సమయంలో చేసే బగ్ బౌంటీ, రాసుకునే టూల్స్ ఎవరివి? "మీరు తయారుచేసేవన్నీ కంపెనీవే" అనే క్లాజ్ ఉంటే, సంతకానికి ముందే మినహాయింపు రాయించుకోండి. జీతం పెంచలేమన్న కంపెనీ కూడా దీనికి తరచూ ఒప్పుకుంటుంది.

• ఏ కరెన్సీలో, ఏ తేదీన ఇస్తారో ఒప్పందంలో ఉండాలి.

• ఫోన్‌లో ఒప్పుకున్నదంతా సంతకాలతో చేతికి వచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.