ఏఐ ఫొటో చూసిందా, ఫైలు పేరు చదివి చెప్పిందా? తేల్చుకోవడం ఎలా?

ఫొటో ఇచ్చి ఇందులో ఏముందని అడిగితే ఏఐ గడగడా చెప్పేస్తుంది. అయితే అది బొమ్మ చూసి చెప్పిందో, ఫైలు పేరు చూసి అల్లిందో ఆ జవాబును బట్టి పట్టుకోలేం, రెండూ ఒకే ధీమాతో ఉంటాయి. బొమ్మ నిజంగా వెళ్తే పిక్సెళ్లు అంకెలుగా మారి మోడల్‌కు అందుతాయి. లింకో పేరో మాత్రమే వెళ్తే దానికి అందేవి ఆ అక్షరాలే, `beach_sunset.jpg` అని కనిపిస్తే చాలు, అలలూ నారింజ రంగు ఆకాశమూ అదే కల్పించేస్తుంది.

తేల్చుకోవాలంటే ముందు మీరే ఒక ఫొటో తీయండి, నెట్‌లో దొరికింది వద్దు. బల్ల మీద ఎడమ పక్క నీలం కప్పు, కుడి పక్క బోర్లించిన పుస్తకం, దాని మీద కళ్లజోడు పెట్టి తీశారనుకుందాం. ఆ ఫైలుకు పైన చెప్పిన బీచ్ పేరే పెట్టి, కొత్త చాట్‌లో, క్యాప్షన్ ఏమీ రాయకుండా పంపండి.

అసలు కిటుకంతా ప్రశ్నలో ఉంది. "బల్ల మీద కప్పు ఏ రంగు?" అని అడిగారంటే సగం జవాబు మీరే అందించినట్టు. "ఎడమ పక్కన ఏముంది, ఏ రంగు?" అని మాత్రమే అడగండి. నీలం కప్పు అంటే చూసినట్టే, ఇసుక అంటే పేరు చదివినట్టే. ఇంకా అనుమానం ఉంటే ఫొటోను అద్దంలోలా తిప్పి సేవ్ చేసి, మరో కొత్త చాట్‌లో అదే ప్రశ్న వేయండి, ఈసారి ఎడమ పక్కన పుస్తకం, కళ్లజోడు రావాలి.

లేని వస్తువు గురించి, "గొడుగు ఏ రంగు?" అని కూడా అడగొచ్చు గానీ నేను దాన్నొక్కదాన్నే నమ్మను, ఎందుకంటే బొమ్మ చూసిన మోడల్ కూడా ఒక్కోసారి మొహమాటపడ్డట్టు ఎరుపని చెప్పేస్తుంది. అలాగే గుంపులో మనుషుల్ని తప్పు లెక్కపెట్టినా, సన్న అక్షరాలు తప్పు చదివినా చూడలేదని తేల్చేయకండి. పెద్ద ఫొటోలను చాలా టూల్స్ లోపల కుదించేస్తాయి, సన్న వివరాలు అక్కడే పోతాయి.

చూసి కూడా రాతకే లొంగిపోవడం ఇంకో రకం. 2021లో ఓపెన్‌ఏఐ వాళ్లు బొమ్మలను మాటలతో జతచేసి గుర్తుపట్టే తమ క్లిప్ మోడల్ గురించి చెబుతూ, యాపిల్ పండుకు "iPod" అని రాసిన కాగితం అంటిస్తే దాన్ని ఐపాడ్ అనేసిందని చూపించారు. పక్కన రాసిన క్యాప్షన్ కూడా జవాబును ఇలాగే లాగొచ్చు. అందుకే ముందు ఫొటో ఒక్కటే ఇచ్చి జవాబు తీసుకోండి, క్యాప్షన్ తర్వాత ఇచ్చి మళ్లీ అడగండి. మాట మార్చిందంటే, మార్చిన ఆ వివరం ఫొటోలో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.