మాటల్లో దొర్లే ఇంగ్లిష్ తప్పులు – 4వ పాఠం: ‘గా’ దగ్గర వచ్చే తికమక

విశేషణం నామవాచకం గురించి చెబుతుందనీ, క్రియావిశేషణం క్రియ గురించి చెబుతుందనీ కిందటి పాఠంలో చూశాం. ఈ సూత్రం నోటికి వచ్చినవాళ్లు కూడా మాట్లాడేటప్పుడు ‘ఐయామ్ ఫీలింగ్ బ్యాడ్లీ’ అంటుంటారు. కారణం మన తెలుగులోనే ఉంది. ‘బండి నెమ్మదిగా నడిపాడు’ అంటాం, ‘కూర రుచిగా ఉంది’ అంటాం. రెండింటికీ మనకు ‘గా’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి క్రియావిశేషణం వస్తుంది, రెండోదానికి విశేషణం వస్తుంది. అందుకే ‘గా’ వినబడిన ప్రతిచోటా చివర ‘లీ’ తగిలించే అలవాటు కొంతదూరం నడిపించి మధ్యలో వదిలేస్తుంది.

దీనికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. మీరు చెప్పబోయే మాటకు ‘గా’ పెట్టి, ఆ తర్వాత ‘ఉంది’, ‘ఉన్నాను’ లాంటివి చేర్చి చూడండి. అనుకున్న అర్థం నిలిస్తే ఇంగ్లిష్‌లో విశేషణం వాడాలి. చెడిపోతే క్రియావిశేషణం కావాలి.

‘లుక్’ అనే క్రియ మీద ఈ పరీక్ష పెట్టి చూద్దాం. ‘ఆయన కోపంగా కనిపించాడు’ అనే వాక్యాన్ని ‘ఆయన కోపంగా ఉన్నాడు’ అని మార్చినా భావం దాదాపు అదే. కాబట్టి ‘హి లుక్డ్ యాంగ్రీ’. ‘ఆయన నావైపు కోపంగా చూశాడు’ అన్నప్పుడు అక్కడ ‘ఉన్నాడు’ పెడితే చూసిన పనే మాయమైపోతుంది. కాబట్టి ‘హి లుక్డ్ ఎట్ మి యాంగ్రిలీ’. కనిపించడానికీ చూడటానికీ మనకు రెండు క్రియలున్నాయి, ఇంగ్లిష్‌లో రెండు పనులూ ‘లుక్’ ఒక్కటే చేస్తుంది. ‘స్మెల్’, ‘టేస్ట్’, ‘ఫీల్’ కూడా ఇలాంటివే. ‘ద బిర్యానీ స్మెల్స్ గుడ్’ అనడమే సరైనది, ఎందుకంటే వాసన చూసే పని బిర్యానీ చేయడం లేదు.

ఇప్పుడు ‘ఫీలింగ్ బ్యాడ్లీ’ సంగతి. ‘నాకు బాధగా ఉంది’ అనేటప్పుడు ‘ఉంది’ ముందే వచ్చేసింది. అంటే విశేషణమే: ‘ఐ ఫీల్ బ్యాడ్’. ‘ఫీల్ బ్యాడ్లీ’ని అక్షరాలా తీసుకుంటే, తాకి తెలుసుకునే పని సరిగా చేతకావడం లేదని అర్థం. చేసిన తప్పుకు బాధపడుతున్నానని చెప్పడానికి అమెరికాలో కొందరు ‘ఫీల్ బ్యాడ్లీ’ అనే అంటారు, కాబట్టి అది వినిపిస్తే ఆశ్చర్యపోకండి. మీరు రాసేటప్పుడు మాత్రం ‘బ్యాడ్’ వాడండి. ‘ఐ ఫీల్ వెల్’ అంటే తప్పేమీ లేదు. అక్కడ ‘వెల్’ ఆరోగ్యంగా ఉన్న అనే అర్థమిచ్చే విశేషణం.

‘స్పీక్స్ గుడ్’ దగ్గర చిక్కు వేరు, ఇక్కడ మాటల వరుస ముఖ్యం. ‘ఆమె ఇంగ్లిష్ బాగా మాట్లాడుతుంది’ అనడానికి రెండు దారులున్నాయి. ‘షి స్పీక్స్ గుడ్ ఇంగ్లిష్’ అంటే ‘గుడ్’ ఇంగ్లిష్‌ను వర్ణిస్తుంది. ‘షి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్’ అంటే ‘వెల్’ మాట్లాడే తీరును చెబుతుంది. ఈ రెండూ కలిసిపోతేనే తప్పు పుడుతుంది. ‘స్పీక్స్ ఇంగ్లిష్ గుడ్’ అన్నప్పుడు ‘గుడ్’ తర్వాత వర్ణించడానికి నామవాచకం లేదు. ‘స్పీక్స్ వెల్ ఇంగ్లిష్’ ఇంకో తప్పు. మనం క్రియ పక్కనే ‘బాగా’ పెడతాం కాబట్టి ఇది సహజంగా నోట్లోంచి వచ్చేస్తుంది, కానీ ఇంగ్లిష్ క్రియకూ దాని కర్మకూ మధ్య ‘వెల్’ను దూరనివ్వదు.

‘డ్రైవ్ స్లో’ను తప్పుల జాబితాలో వేయడం న్యాయం కాదు. పాత ఇంగ్లిష్‌లో చాలా క్రియావిశేషణాలకు చివర చిన్న అచ్చు ఉండేది. అది కాలక్రమంలో రాలిపోయి, కొన్ని మాటలు విశేషణాల్లాగే మిగిలాయి. ‘ఫాస్ట్’, ‘హార్డ్’ అలాంటివే, ‘స్లో’ను కూడా శతాబ్దాలుగా ఇలా వాడుతున్నారు. మాటల్లో ‘డ్రైవ్ స్లో’ అనండి, దరఖాస్తులోనో పరీక్షలోనో ‘స్లోలీ’ రాయండి. క్రియకు ముందు మాత్రం ‘స్లో’ చెల్లదు: ‘హి స్లోలీ ఓపెన్డ్ ద డోర్’ అనాలి. ‘హార్డ్’కు ‘లీ’ తగిలిస్తే మాత్రం అర్థమే తిరగబడుతుంది. ‘హి హార్డ్లీ వర్క్స్’ అంటే అతను దాదాపు పనే చేయడని.

మన పరీక్షకు ఒక హద్దుంది. ‘తరచుగా ఇక్కడే ఉంటాడు’లో ‘ఉంటాడు’ స్థితిని చెప్పడం లేదు, మసలడాన్ని చెబుతోంది. అక్కడ క్రియావిశేషణమే వస్తుంది.

అభ్యాసం. వీటిని సరిచేయండి: ‘ద సూప్ టేస్ట్స్ నైస్లీ’, ‘ఐ స్లెప్ట్ గుడ్’, ‘హి టేస్టెడ్ ద సూప్ కేర్‌ఫుల్’, ‘దే పెయింటెడ్ ద వాల్ రెడ్లీ’.

జవాబులు: వరుసగా ‘నైస్’, ‘వెల్’, ‘కేర్‌ఫుల్లీ’, ‘రెడ్’. చివరిదాంట్లో తడబడితే ఇలా చూడండి: రంగు వేశాక గోడ ఎర్రగా ఉంది, వేసిన పని ఎర్రగా లేదు.